జపనీస్‌లో పిచ్ యాక్సెంట్: ఒకే మాట, వేరే రాగం – తరచుగా అడిగే ప్రశ్నలు

జపనీస్ నేర్చుకుంటున్న తెలుగువాళ్లు ఏడాది, రెండేళ్లు గడిచాక దాదాపు అందరూ ఒకే చోటికి వస్తారు. అక్షరాలు వచ్చాయి, వ్యాకరణం వచ్చింది, మాటలు పలుకుతున్నారు. అయినా ఎవరో ఒక జపనీస్ వ్యక్తి ఒక చిన్న మాట దగ్గర ఆగి "ఏ హషి?" అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎందుకు వస్తుందో, దానికి జవాబు చెవితో ఎలా పట్టుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. అంతా టోక్యో ఉచ్చారణ గురించే. మిగతా ప్రాంతాల సంగతి చివర్లో ఉంది.

పిచ్ యాక్సెంట్ అంటే అసలు ఏమిటి?

ఒక మాటలో గొంతు ఎక్కడ పై స్థాయిలో ఉంటుంది, ఎక్కడ కిందికి దిగుతుంది అన్నది ఆ మాటతో పాటే పుట్టిన లక్షణం కావడం. తెలుగులో "అవునా" అనే మాటను ఆశ్చర్యంగా అనొచ్చు, అనుమానంగా అనొచ్చు, ఊరికే ఊ కొట్టడానికీ అనొచ్చు. మూడుసార్లూ రాగం మారుతుంది, కానీ మాట అదే. మన దగ్గర రాగం మనిషి మనసుకీ వాక్యానికీ చెందింది. జపనీస్‌లో వాక్యానికి ఒక రాగం ఉంటూనే, దాని లోపల ప్రతి మాటకీ సొంత రాగం ఒకటి ఉంటుంది. అది మారితే మరో మాట అయిపోవచ్చు.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక్కటే: గొంతు ఎక్కడ దిగుతుంది? టోక్యో జపనీస్‌లో ఒక మాటలో గొంతు దిగితే ఒక్కసారే దిగుతుంది. దిగాక ఆ మాటలో మళ్లీ పైకి రాదు. కొన్ని మాటల్లో అసలు దిగదు. ఈ దిగే చోటును నేను "దింపు" అంటాను, రాతలో ↓ గుర్తుతో చూపిస్తాను. గొంతు ఎక్కడ ఎక్కుతుందో గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎందుకంటే అది దానంతట అదే వస్తుంది: దింపు మొదటి మాత్ర తర్వాతే ఉంటే మాట పైనుంచి మొదలవుతుంది, లేకపోతే మొదటి మాత్ర కింద, రెండోది పైన.

అంటే ఇది చైనీస్ టోన్ లాంటిదా? ఇంగ్లీష్ స్ట్రెస్ లాంటిదా?

రెండూ కాదు. చైనీస్‌లో ప్రతి అక్షరానికీ ఒక టోన్ ఉంటుంది. ఇక్కడ మాట మొత్తానికి ఒక దింపు, లేదా అది కూడా లేదు. ఇంగ్లీష్ స్ట్రెస్‌లో ఆ అక్షరం గట్టిగా, పొడుగ్గా, స్పష్టంగా వస్తుంది. జపనీస్‌లో గట్టితనం, పొడవు మారకూడదు, మారేది గొంతు స్థాయి ఒక్కటే.

దీన్ని మీరే పరీక్షించి చూడొచ్చు. ఎవరైనా జపనీస్ స్నేహితులు ఉంటే "అమె" అనే మాటను రెండు అర్థాల్లోనూ గుసగుసగా చెప్పమనండి. గుసగుసలో గొంతులోని తంత్రులు కంపించవు కాబట్టి పిచ్ అనేదే ఉండదు. తేడా దాదాపు మాయమవుతుంది. తర్వాత అదే మాటను నోరు మూసుకుని "మ్మ్" అంటూ రాగం మాత్రమే తీయమనండి. ఇప్పుడు అక్షరాలు లేవు, అయినా ఏ అర్థమో తెలిసిపోతుంది.

ప్రసిద్ధమైన "హషి" ఉదాహరణ వివరంగా చెప్పగలరా?

తప్పకుండా. పిచ్ యాక్సెంట్ మొత్తం ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది. హషి అంటే టోక్యోలో మూడు అర్థాలు, మూడు రాగాలు:

హ↓షి – తినే పుల్లలు, అంటే చాప్‌స్టిక్స్. "హ" పైన, "షి" కింద.

హషి↓ – వంతెన. "హ" కింద, "షి" పైన, ఆ తర్వాత వచ్చేది కింద.

హషి – అంచు, చివర. "హ" కింద, "షి" పైన, ఆ తర్వాత వచ్చేది కూడా పైనే.

మొదటిది మిగతా రెంటి నుంచి సులువుగానే విడిపోతుంది. చిక్కంతా రెండోదానికీ మూడోదానికీ మధ్య. వంతెననీ అంచునీ ఒంటరిగా పలికితే చెవికి ఒకేలా వినిపిస్తాయి. చాలామంది ఇక్కడే ఆగిపోయి "నా చెవి పనికిరాదు" అనుకుంటారు. చెవి తప్పు కాదు. వంతెనలో దింపు మాట చివర ఉంది, కానీ దిగడానికి దాని తర్వాత ఏమీ లేదు. దిగాలంటే మెట్టు కావాలి కదా. అందుకే వెనుక "గ" అనే ప్రత్యయం తగిలించి వినాలి:

హ↓షి గ – పైన, కింద, కింద.

హషి↓ గ – కింద, పైన, కింద.

హషి గ – కింద, పైన, పైన.

ఇప్పుడు మూడూ వేరు. తేడా మాటలో కాకుండా "గ" మీద వినబడుతోందని గమనించండి. మాట రహస్యాన్ని పక్కనున్న ప్రత్యయం బయటపెడుతుంది. రెండు మాత్రల నామవాచకానికి టోక్యోలో ఉండగలిగేవి ఈ మూడు రాగాలే. మూడు మాత్రల మాటకు నాలుగు, నాలుగు మాత్రల మాటకు అయిదు. మాత్రల సంఖ్యకు ఒకటి కలిపితే చాలు, ఎందుకంటే దింపు ఏ మాత్ర తర్వాతైనా రావచ్చు, లేదా అసలు లేకపోవచ్చు.

మాత్ర అంటున్నారు. అది మన ఛందస్సులో మాత్రేనా?

చాలావరకు అదే. జపనీస్‌లో లెక్క అక్షరాల ప్రకారం కాదు, కాలం ప్రకారం. పొట్టి అచ్చు ఒక మాత్ర, దీర్ఘం రెండు. మన లఘువు, గురువు లెక్క తెలిసినవాళ్లకు ఇది చేతికి అందిన పనిముట్టు. "కత్త" అనే జపనీస్ మాటను చూడండి. మన లెక్కలో ద్విత్వానికి ముందున్న "క" గురువు, "త్త" లఘువు, మొత్తం మూడు. జపనీస్ వాళ్ల లెక్కలోనూ మూడే: క, ఆగే క్షణం, త. "నిహొన్" కూడా అంతే. పొల్లు వల్ల "హొ" గురువై మొత్తం మూడు మాత్రలు. వాళ్లు మాత్రం ఆ "న్"ను విడిగా ఒక మాత్రగా లెక్కేస్తారు. ఈ చిన్న తేడా గుర్తుంచుకోండి. నిఘంటువులో దింపు ఎన్నో మాత్ర తర్వాత అన్నది ఈ లెక్కలోనే ఇస్తారు.

రాగం మారితే అర్థం మారడం మనకు పూర్తిగా కొత్తేనా?

మాట్లాడే తెలుగులో లేదు. కానీ మనం విన్న కథల్లో ఉంది. త్వష్ట తన కొడుకు వృత్రుడు ఇంద్రుణ్ణి చంపాలని హోమం చేస్తూ "ఇంద్రశత్రుర్వర్ధస్వ" అన్నాడు. "ఇంద్రుణ్ణి చంపేవాడు" అనే అర్థం రావాలంటే ఉదాత్తం చివర ఉండాలి. అతను మొదట పెట్టాడు. దాంతో సమాసమే మారిపోయి "ఇంద్రుడు ఎవరిని చంపుతాడో అతను" అని అర్థం వచ్చింది. వృత్రుడే చచ్చాడు. అక్షరాల్లో ఒక్క తేడా లేదు, స్వరం ఉన్న చోటు మాత్రమే మారింది. వేదం చెప్పుకున్నవాళ్లకు ఉదాత్త, అనుదాత్త, స్వరితాల అలవాటు ఉంటుంది. జపనీస్ పిచ్ యాక్సెంట్ గురించి వాళ్లకు చెప్పాల్సి వస్తే నేను ఈ కథతోనే మొదలుపెడతాను.

మొదట ఏ జంటలతో చెవిని సాధన చేయించాలి?

మొదట్లోనే దింపు ఉన్న మాటనూ అసలు దింపు లేని మాటనూ జంటగా తీసుకోండి. ఇవి ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకం కాబట్టి చెవి త్వరగా పడుతుంది.

అ↓మె అంటే వాన, అమె అంటే నోట్లో వేసుకునే తీపి బిళ్ల. క↓కి అంటే ఆయిస్టర్, కకి అంటే పెర్సిమన్ పండు. స↓కె అంటే సాల్మన్ చేప, సకె అంటే జపాన్ మద్యం. షి↓రొ అంటే తెలుపు, షిరొ అంటే కోట.

ఇవి బాగా వినబడుతున్నాయి అనిపించాక రెండో మెట్టు: దింపు మొదట్లోనా, చివర్లోనా? ఇ↓మ అంటే ఇప్పుడు, ఇమ↓ అంటే ఇంట్లో కూర్చునే గది. క↓మి అంటే దేవుడు, కమి↓ అంటే కాగితం. తలవెంట్రుకలు కూడా కమి↓యే. కాగితానికీ వెంట్రుకలకూ రాగం ఒకటే. రాగం అన్నిటినీ విడదీయదని ఇక్కడే అర్థమవుతుంది.

మూడో మెట్టు కష్టమైనది: చివర దింపు ఉన్నదీ, అసలు లేనిదీ. హన↓ అంటే పువ్వు, హన అంటే ముక్కు. వంతెన, అంచు లాగే ఇవీ "గ" లేకుండా తేలవు. హన↓ గ, హన గ. మొదటి రెండు మెట్లూ దాటకుండా దీనికి వస్తే అనవసరమైన టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ప్రత్యయం తగిలించి వింటున్నా. అయినా పువ్వు, ముక్కు ఒకేలా వినిపిస్తున్నాయి. ఎందుకు?

ఏ ప్రత్యయం తగిలించారో చూడండి. "నొ" అయితే జవాబు అక్కడే దొరికింది. "యొక్క" అనే అర్థమిచ్చే ఈ "నొ", మాట చివర ఉన్న దింపును చెరిపేస్తుంది. హన↓ అనే పువ్వు "హన నొ" అనగానే కింద, పైన, పైన అయిపోతుంది. ముక్కు కూడా అంతే. కాబట్టి "పువ్వు రంగు", "ముక్కు రంగు" అనే పదబంధాలు వింటూ తేడా వెతికితే దొరకదు, ఎందుకంటే నిజంగానే అక్కడ తేడా లేదు. "గ", "ఒ", "వ" ఈ పరీక్షకు మంచివి.

వీటికి ఇంకో లాభం ఉంది. ఇవన్నీ నాదం ఉన్న ధ్వనులు. జపనీస్‌లో "ఇ", "ఉ" అచ్చులు క, చ, త, ప, స, ష లాంటి శ్వాస ధ్వనుల మధ్య ఇరుక్కున్నప్పుడు నాదం పోయి గాలిగా మిగులుతాయి. "హషి కర" అన్నప్పుడు "షి"లో అచ్చు దాదాపు వినబడదు. అచ్చే లేకపోతే పిచ్ ఎక్కడ వినాలి? "హషి గ"లో ఆ ఇబ్బంది ఉండదు.

క్రియల్లోనూ ఇలాంటి జంటలు ఉన్నాయా?

ఉన్నాయి. నామవాచకాలకన్నా ఇవే నిజ జీవితంలో ఎక్కువ ఎదురవుతాయి. కిరు అంటే బట్టలు వేసుకోవడం, కి↓రు అంటే కోయడం. కఉ అంటే కొనడం, క↓ఉ అంటే జంతువును పెంచడం.

ఈ రెండో జంటను ఒక వాక్యంలో పెట్టి పూర్తిగా చూద్దాం. తొరి అంటే పక్షి. ఈ మాటలో దింపు లేదు. "ఒ" అంటే తెలుగులో "ని" లాంటిది.

తొరి ఒ కఉ – పక్షిని కొంటాను.

తొరి ఒ క↓ఉ – పక్షిని పెంచుతాను.

మొదటి వాక్యంలో "తొ" కింద మొదలవుతుంది, "రి" దగ్గర ఎక్కుతుంది, అక్కడి నుంచి చివరిదాకా బల్లమీద నీళ్లలా సమంగా సాగిపోతుంది. ఎక్కడా మెట్టు లేదు. రెండో వాక్యం కూడా "క" వరకు అచ్చం అలాగే ఉంటుంది. ఆ తర్వాత "ఉ" మీద గొంతు పడిపోతుంది. అంటే నాలుగు మాత్రల వరకు రెండు వాక్యాలకూ తేడా లేదు, తేడా మొత్తం చివరి మాత్రలోనే. పక్షి బదులు దింపు ఉన్న మాట, ఉదాహరణకు కుక్క అనే అర్థం గల ఇను↓, పెడితే దాని దింపు తర్వాత వాక్యమంతా కాస్త కిందికి జరుగుతుంది. అప్పుడు క్రియలోని తేడా చిన్నదవుతుంది. మొదట పక్షితో వినమని చెప్పేది అందుకే.

భూతకాలంలో ఇంకో మంచి జంట దొరుకుతుంది. కత్త అంటే కొన్నాను, క↓త్త అంటే గెలిచాను. ఆట ముగిశాక ఎవరైనా ఈ మాట అంటే దింపు కోసం చెవి పెట్టండి.

క్లాసులో "కఇమసు" అనే చెప్తారు. అందులో ఈ తేడా నాకు ఎప్పుడూ వినబడలేదు.

వినబడదు. మర్యాద రూపమైన "మసు" చేరగానే క్రియ సొంత రాగం పోయి, దింపు "మ" తర్వాత కూర్చుంటుంది. కొంటాను అన్నా, పెంచుతాను అన్నా కఇమ↓సు ఒక్కటే. మొదటి ఏడాది మొత్తం మర్యాద రూపాలే నేర్పే క్లాసుల్లో విద్యార్థికి క్రియల రాగం వినే అవకాశమే రాదు. ఇది నిజంగా నష్టమని నా అభిప్రాయం. కొత్త క్రియ నేర్చుకున్న రోజే దాని మామూలు రూపాన్ని కూడా ఒకసారి వినిపించుకుంటే చాలు, తర్వాత పడాల్సిన తిప్పలు చాలా తగ్గుతాయి.

నాకు తేడా నిజంగా వినబడుతోందా, లేక ఊహిస్తున్నానా? ఎలా తెలుసుకోవాలి?

అర్థం ముందే తెలిసి వింటే అందరికీ వినబడినట్టే ఉంటుంది. అందుకే అర్థం దాచి వినాలి. నేను చేయించే పద్ధతి ఇది.

ఒకే గొంతులో "అ↓మె గ", "అమె గ" అనే రెండు రికార్డింగులు సంపాదించండి. టోక్యో పరిసరాల్లో పెరిగిన స్నేహితులుంటే వాళ్లనే అడగండి. వేరే వేరే గొంతులు వద్దు, మనిషి మారితే స్థాయి మారి చెవి తికమక పడుతుంది. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, వాటిని ఇష్టం వచ్చిన వరుసలో ఇరవైసార్లు వినిపించమనండి. ప్రతిసారీ మీరు "వాన" లేదా "బిళ్ల" అని కాగితం మీద రాయండి. వినిపించేవాళ్లు తమ వరుస రాసుకోవాలి. మధ్యలో సరైనదో కాదో చెప్పకూడదు.

ఇరవైలో పది సరిపోతే అది నాణెం ఎగరేసినట్టే. పదిహేనుకు పైన వస్తే చెవి నిజంగా పని చేస్తోంది. తక్కువ వస్తే మరుసటి రోజు ఇంకో పద్ధతి: ప్రతి జవాబు వెంటనే సరైనదేదో చెప్పించుకుంటూ పది నిమిషాలు వినండి, ఆపై మళ్లీ దాచి పరీక్ష పెట్టుకోండి. వింటున్నప్పుడు చేతిని గాలిలో ఎత్తి, గొంతు దిగినప్పుడు కిందికి దించడం చాలామందికి ఉపయోగపడుతుంది. తాళం వేసే అలవాటున్నవాళ్లకు ఇది సహజంగా వస్తుంది.

వాన, బిళ్ల కుదిరాక మాట మార్చండి, ఆ తర్వాతే గొంతు మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఎక్కడ తప్పుతున్నారో తెలియదు.

కంప్యూటర్‌లో ఈ రాగాన్ని గీతగా చూడొచ్చా?

చూడొచ్చు. Praat అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికి బాగా పనికొస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైంది, భాషాశాస్త్రజ్ఞులు రోజూ వాడేదే. రికార్డింగ్ తెరిచి `View & Edit` నొక్కి, Pitch మెనూలో చూపించమంటే ఒక గీత కనబడుతుంది. పిచ్ పరిధిని మగ గొంతుకు 75 నుంచి 300 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100 నుంచి 500 హెర్ట్జ్ పెట్టుకోవచ్చు. పరిధి సరిగ్గా లేకపోతే గీత ఉన్నట్టుండి రెట్టింపు ఎత్తుకు ఎగరడమో, సగానికి పడడమో జరుగుతుంది. అలా మెట్టులా ఒక్కసారిగా ఎగిరిన చోట గొంతు నిజంగా ఎగరలేదు, లెక్క తప్పింది.

గీత చూసి మోసపోయే చోటు ఇంకొకటుంది. అ↓మె లాంటి మాటలో గీత శిఖరం "అ" మీద ఉండాలి కదా అనుకుంటాం. కొన్నిసార్లు అది "మె" మొదట్లోకి జరిగి కనిపిస్తుంది. గొంతు దిగడం కాస్త ఆలస్యమవుతుంది అంతే. జపనీస్ చెవి శిఖరం ఎక్కడుందని కాదు, ఆ తర్వాత ఎంత గట్టిగా పడిపోయిందని చూస్తుంది. కాబట్టి గీతలోనూ శిఖరాన్ని వదిలి, ఎక్కడ నిటారుగా దిగుతోందో చూడండి.

పలికేటప్పుడు తెలుగువాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఏమిటి?

పైకి ఎత్తమంటే సాగదీయడం. నేను విన్నంతలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. అ↓మె చెప్పమంటే "ఆమె" వస్తుంది. మన చెవికి ఎత్తు, పొడవు కలిసి నడుస్తాయి కాబట్టి అలా జరుగుతుంది. జపనీస్‌లో మనలాగే హ్రస్వ దీర్ఘాలకు అర్థభేదం ఉంది, అందుకని ఇది చిన్న తప్పు కాదు. బి↓రు అంటే పెద్ద భవనం. మొదటి అక్షరాన్ని ఎత్తబోయి సాగదీస్తే బీ↓రు అవుతుంది. ఆ మాట మనకూ తెలుసు. దాన్ని విడిగా అనువదించనక్కర్లేదు.

సరిచేసుకోవడానికి ఒక దారి: వేలితో బల్ల మీద సమంగా తడుతూ, ఒక్కో తట్టుకు ఒక్కో మాత్ర చొప్పున పలకండి. తట్టు వేగం మారకుండా గొంతు మాత్రమే మార్చాలి.

ప్రశ్న అడిగినప్పుడు గొంతు చివర్లో లేస్తుంది కదా. అప్పుడు దింపు పోతుందా?

పోదు. "అ↓మె?" అంటే "వానా?" అని. "అ" పైన ఉంటుంది, "మె" కిందికి దిగుతుంది, దిగిన ఆ "మె"లోనే చివర కాస్త పైకి లేస్తుంది. తీపి బిళ్లా అని అడిగితే మధ్యలో ఆ పల్లం ఉండదు, ఎక్కుతూనే పోతుంది. మన చెవి చివర లేచిన భాగాన్నే పట్టుకుని "ప్రశ్న" అని తీర్మానించేస్తుంది, మధ్యలో ఉన్న పల్లాన్ని వదిలేస్తుంది. పల్లం కోసం వినాలి.

మాట రాగం ఎక్కడ చూసుకోవాలి? నిఘంటువుల్లో 0, 1, 2 అని ఉంటాయి, అవేమిటి?

ఆ అంకె దింపు ఎన్నో మాత్ర తర్వాతో చెబుతుంది. 0 అంటే దింపు లేదు. చాప్‌స్టిక్స్ 1, వంతెన 2, అంచు 0. జపనీస్ పేర్లు కూడా వింటారు కాబట్టి చెబుతున్నా: 0 ఉన్నది హెయిబన్, అంటే చదునైన పలక. 1 ఉన్నది అతమదక, తల ఎత్తుగా ఉన్నది. దింపు చివరి మాత్ర తర్వాత ఉంటే ఒదక, తోక ఎత్తు. మధ్యలో ఎక్కడున్నా నకదక.

జపాన్ ప్రసార సంస్థ NHK తన అనౌన్సర్ల కోసం ఉచ్చారణ నిఘంటువు వేస్తుంది. దాని కొత్త కూర్పు 2016లో వచ్చింది. ఇంటర్నెట్‌లో అయితే OJAD ఉంది. టోక్యో విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టారు, ఉచితం. క్రియ ఒక్కో రూపంలో రాగం ఎలా మారుతుందో అక్కడ వరుసగా చూడొచ్చు, రికార్డింగులు వినొచ్చు. నాకు నచ్చేది అక్కడి సుజుకి-కున్ అనే భాగం. వాక్యం ఇస్తే దాని రాగాన్ని గీతగా గీసి చూపిస్తుంది. అయితే అది యంత్రం వేసిన అంచనా. సందేహం వస్తే నిఘంటువు మాటే నమ్మండి.

ఒకటి గుర్తుంచుకోండి. మాటలు కలిసి సమాసమైతే పాత అంకె పనికిరాదు. నిహొ↓న్ అంటే జపాన్. దానికి భాష అనే అర్థమిచ్చే "గొ" చేర్చి నిహొంగొ అంటే అసలు దింపే ఉండదు.

తప్పు రాగంతో పలికితే అర్థం కాకుండా పోతుందా?

చాలాసార్లు అర్థమవుతుంది. అన్నం ముందు కూర్చుని హషి అడిగితే ఎవరూ వంతెన తెచ్చివ్వరు. షిబాటా టకెషి, షిబాటా రితెయి అనే పరిశోధకులు 1990లో దీన్ని లెక్కగట్టారు. ఒకేలా పలికే మాటల జంటల్లో స్వరం వల్ల విడిపోయేవి జపనీస్‌లో వందకు సుమారు 14, చైనీస్‌లో 71. అంటే జపనీస్‌లో రాగం మోసే బరువు చైనీస్‌లో మోసేంత కాదు. ఆ లెక్క చూసి నేను విద్యార్థులకు చెప్పేది: పలకడం కన్నా ముందు వినడం మీద సమయం పెట్టండి. వింటే, తర్వాత నేర్చే ప్రతి కొత్త మాటతో పాటు దాని రాగం కూడా లోపలికి వస్తుంది. వినకపోతే రెండు వేల మాటలు మన వాక్య రాగంలో గట్టిపడ్డాక వాటిని మళ్లీ కదిలించాలి.

ఒసాకా మిత్రుడు "హషి"ని వేరేలా అంటున్నాడు. ఎవరిది సరైనది?

ఇద్దరిదీ. జపాన్‌లో ప్రాంతాన్ని బట్టి రాగం మారుతుంది. క్యోటో, ఒసాకా వైపు వంతెన పైనుంచి కిందికి దిగుతుంది, చాప్‌స్టిక్స్ కిందినుంచి ఎక్కుతుంది, అంచు రెండు మాత్రలూ పైనే ఉంటుంది. టోక్యోలో చాప్‌స్టిక్స్‌కున్న రాగం అక్కడ వంతెనది. ఇబరాకి, తొచిగి, ఫుకుషిమ లాంటి చోట్ల పాతతరం మాటలో అసలు ఇలాంటి తేడానే ఉండదు, హషి మూడు అర్థాలకూ ఒకే రాగం. కాబట్టి రికార్డింగ్ దొరికితే ముందు అడగాల్సింది "ఈ మనిషి ఏ ఊళ్లో పెరిగారు?" అని.

ఇక్కడ జపాన్ పిల్లలందరికీ తెలిసిన కథ ఒకటి చెప్పాలి. ఇక్క్యు అనే బౌద్ధ సన్యాసి 15వ శతాబ్దంలో క్యోటోలో ఉండేవాడు. ఒక వంతెన దగ్గర "ఈ హషి దాటకూడదు" అని బోర్డు పెట్టారట. అతను నిదానంగా వంతెన నడి మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లాడు. ఎందుకు దాటావని అడిగితే, "హషి వద్దన్నారు కదా, అందుకే అంచు తొక్కకుండా మధ్యలో వచ్చాను" అన్నాడట. బోర్డు మీద హషి అని అక్షరాల్లో రాసి ఉంది, రాగం రాయలేదు. అదే మాటను ఎవరైనా నోటితో చెప్పి ఉంటే, నేటి టోక్యో మాటలోనైనా క్యోటో మాటలోనైనా, వంతెన అన్నారో అంచు అన్నారో ఇక్క్యు చెవికి తెలిసిపోయేది.